ఖరీదైన పొరపాటు తరువాత: సిగ్గు చేయించే పనులు, నమ్మకం తిరిగొచ్చే దారి

సంక్షిప్తంగా: ఉద్యోగంలో భారీ నష్టం తెచ్చిన పొరపాటు తరువాత మనిషిని పట్టుకునే సిగ్గు సాధారణంగా రెండు పనులు చేయిస్తుంది. ఒకటి, విషయాన్ని దాచడం. రెండోది, ఎవరికీ తెలిసేలోపు ఒంటరిగా సరిచేసేయాలని తొందరపడడం. రెండింటి వల్లా నష్టం పెరుగుతుంది. 2017లో గిట్‌ల్యాబ్ సంస్థలో ప్రధాన డేటాబేస్ చెరిగిపోయిన ఘటనలో ఈ రెండు దారుల్లోకీ వెళ్లకుండా ఏం చేశారో, అందులో క్షమాపణ వంతెంతో, ఆ తరువాతి పని వంతెంతో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. అన్ని కార్యాలయాల్లోనూ ఆ పద్ధతి అలాగే పనిచేయదు కాబట్టి దాని పరిమితులను కూడా చర్చిస్తుంది.

ఆ రాత్రి ఏం జరిగింది

సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తాము రాసిన కోడ్‌ను భద్రపరచుకుని, ఇతరులతో కలిసి దానిపై పనిచేసుకునే వేదిక గిట్‌ల్యాబ్. 2017 జనవరి 31న దాని డేటాబేస్ మీద స్పామ్ ఖాతాల వల్ల భారం విపరీతంగా పెరిగింది. ప్రధాన డేటాబేస్‌లో జరిగే ప్రతి మార్పునూ ఎప్పటికప్పుడు నకలు చేసుకోవలసిన రెండో సర్వర్ ఆ భారానికి వెనకబడి, చివరికి నకలు చేయడం ఆపేసింది. రెండో సర్వర్‌లోని పాత డేటాను పూర్తిగా తీసేసి, మొదటి సర్వర్ నుంచి మళ్లీ కొత్తగా నకలు తీసుకోవడం తప్ప వేరే మార్గం లేకపోయింది. డ్యూటీలో ఉన్న ఇంజినీరుకు అప్పటికి స్థానిక కాలమానం ప్రకారం రాత్రి పదకొండు దాటింది. పని ముగించుకుని వెళ్లబోతుండగా ఈ సమస్య వచ్చిపడింది.

నకలు తీసే ప్రోగ్రాం పేరు pg_basebackup. దాన్ని నడిపినప్పుడు తెరమీద ఏమీ రాకుండా నిలిచిపోయినట్టు కనిపించింది. నిజానికి అది ప్రధాన సర్వర్ డేటా పంపడం మొదలుపెట్టే వరకు మౌనంగా వేచి ఉంటుంది. ఆ సంగతి ఆ సమయంలో అక్కడున్నవారికి తెలియదు. అంతకుముందు చేసిన ప్రయత్నాల్లో ఏవో ఫైళ్లు మిగిలిపోయి అడ్డుపడుతున్నాయేమోనని ఇంజినీరు అనుమానించి, రెండో సర్వర్‌లోని డేటా డైరెక్టరీని తొలగించాలనుకున్నారు. తొలగించే ఆదేశం ఇచ్చారు కూడా. అయితే అప్పుడు ఆయన తెరమీద ఉన్నది db2.cluster.gitlab.com కాదు, db1.cluster.gitlab.com. అంటే వినియోగదారుల డేటా ఉన్న ప్రధాన సర్వర్. ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీ డేటాలో దాదాపు 4.5 జీబీ మాత్రమే మిగిలింది. మన కాలమానం ప్రకారం అది ఫిబ్రవరి 1 తెల్లవారుజాము, దాదాపు ఐదు గంటలు.

ఇలాంటి సందర్భాల్లో బ్యాకప్‌లు ఉంటాయి కదా అన్న ధీమా కూడా కొద్దిసేపట్లోనే పోయింది. రోజుకోసారి డేటాబేస్ ప్రతిని తీసి వేరే చోట దాచవలసిన ఏర్పాటు చాలాకాలంగా విఫలమవుతూనే ఉంది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది కాగా ప్రతి తీసే ప్రోగ్రాం 9.2 వెర్షన్‌ది కావడమే అందుకు కారణం. విఫలమైన ప్రతిసారీ హెచ్చరిక మెయిల్ వెళ్లవలసి ఉన్నా, ఆ మెయిళ్లకు సరైన ధ్రువీకరణ లేక మెయిల్ సర్వర్ వాటిని తిరస్కరించింది. దాంతో ఎవరికీ తెలియలేదు. డిస్కును ఆ క్షణంలో ఉన్నదున్నట్టు భద్రపరిచే స్నాప్‌షాట్ సదుపాయాన్ని క్లౌడ్ సంస్థ ఇస్తున్నా, దాన్ని డేటాబేస్ సర్వర్లకు అసలు పెట్టుకోనేలేదు. చివరికి అక్కరకు వచ్చింది ఒక్కటే. అదే ఇంజినీరు ఆరు గంటల ముందు, వేరే పరీక్ష కోసం, తన చేత్తో తీసి పెట్టుకున్న స్నాప్‌షాట్ అది. అలా తీసి ఉండకపోతే ఆరు గంటల బదులు దాదాపు ఒక రోజు డేటా పోయేది. ఆ ప్రతి నెమ్మదైన డిస్కుల మీద ఉండడంతో తిరిగి ఎక్కించడానికే చాలా గంటలు పట్టింది. సంస్థ అంచనా ప్రకారం సుమారు 5,000 ప్రాజెక్టుల వివరాలు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాలు పోయాయి. కోడ్ భద్రపరిచిన రిపోజిటరీలకు మాత్రం నష్టం కలగలేదు.

సాంకేతిక వైఫల్యాల చరిత్రలో ఇంతకంటే పెద్దవి చాలా ఉన్నాయి. ఈ ఘటనను ఎంచుకోవడానికి కారణం, ఆ రాత్రి ఎవరు ఏ నిమిషంలో ఏం చేశారన్నది సంస్థే బయటపెట్టడం. పొరపాటు చేసిన మనిషి తరువాతి గంటల్లో ఏం చేశారో తెలిసే అవకాశం ఇతర ఘటనల్లో చాలా అరుదు.

సిగ్గు, అపరాధభావం: దారులు ఎక్కడ విడిపోతాయి

రోజువారీ మాటల్లో సిగ్గునూ, తప్పు చేశానన్న బాధనూ కలిపే మాట్లాడుకుంటాం. మనస్తత్వశాస్త్రం ఈ రెండింటినీ విడదీస్తుంది. 1971లో హెలెన్ బ్లాక్ లూయిస్ చేసిన ఈ విభజనను జూన్ టాంగ్నీ తదితరులు దశాబ్దాలపాటు పరీక్షించారు. అపరాధభావం చేసిన పనిని వేలెత్తి చూపిస్తుంది. సిగ్గు మనిషినే వేలెత్తి చూపిస్తుంది. ‘తప్పు సర్వర్‌లో ఆదేశం ఇచ్చాను’ అనుకున్నప్పుడు తరువాతి ప్రశ్న ‘ఇప్పుడేం చేయాలి’ అన్న వైపు వెళ్తుంది. ‘నేను ఈ ఉద్యోగానికి తగను’ అనుకున్నప్పుడు తరువాతి ప్రశ్న ‘ఈ సంగతి ఎవరెవరికి తెలుస్తుంది’ అన్న వైపు మళ్లుతుంది. మొదటిదానికి సమాధానం పనిలో ఉంది. రెండోదానికి సమాధానం దాక్కోవడంలో కనిపిస్తుంది.

ఇంతవరకూ పాఠ్యపుస్తకాల్లో ఉన్నదే. అయితే ఈ విభజనను మరీ కచ్చితంగా పట్టుకుంటే పొరబడతాం. అప్పటికి వచ్చిన అధ్యయనాలన్నింటినీ కలిపి చూసిన కాలిన్ లీచ్, అటిల్లా సిడామ్ 2015లో ఒక ముఖ్యమైన మెలిక చూపించారు. జరిగిన నష్టాన్ని సరిదిద్దే వీలున్నట్టు కనిపించినప్పుడు సిగ్గు కూడా మనిషిని బాగుచేసే పనివైపే నెడుతుంది. సరిదిద్దే దారే లేదనిపించినప్పుడు తప్పించుకునే వైపు నెడుతుంది. ఆచరణలో దీని విలువ చాలా ఎక్కువ. సిగ్గుపడవద్దని తనకు తాను చెప్పుకోవడం వల్ల ఎవరికీ సిగ్గు తగ్గదు. నష్టంలో ఏ భాగం ఇంకా సరిదిద్దదగినదో త్వరగా తేల్చుకోవడం వల్ల మాత్రం ఆ సిగ్గు నడిపించే దారి మారుతుంది. గిట్‌ల్యాబ్‌లో ఆరు గంటల నాటి స్నాప్‌షాట్ ఒకటి ఉందని గుర్తించిన క్షణం నుంచి పని ‘ఎంత పోయింది’ అన్నదాని నుంచి ‘ఎంత తీసుకురాగలం’ అన్నదానికి మారింది.

దాచినప్పుడు లెక్క ఎలా పెరుగుతుంది

దాచే దారి ఎటు తీసుకెళ్తుందో చూడడానికి బేరింగ్స్ బ్యాంకు కథ ఉంది. 1762లో మొదలైన ఈ బ్రిటిష్ బ్యాంకుకు సింగపూర్‌లో వ్యాపారం చూసిన నిక్ లీసన్ 88888 అనే ఖాతా తెరిచారు. పొరపాటు లావాదేవీలను తాత్కాలికంగా ఉంచడానికి అలాంటి ఖాతాలు వాడతారు. 1992 జులైలో ఆయన బృందంలోని కొత్త ఉద్యోగి ఒకరు షేర్ మార్కెట్‌లో 20 ఫ్యూచర్స్ కాంట్రాక్టులు కొనవలసింది పోయి అమ్మేశారు. నష్టం సుమారు 20,000 పౌండ్లు. లీసన్ దాన్ని పై అధికారులకు చెప్పకుండా ఆ ఖాతాలో పెట్టారు. ఆ ఏడాది చివరికి దాచిన నష్టం సుమారు 20 లక్షల పౌండ్లకు, 1994 చివరికి 20 కోట్ల పౌండ్లు దాటి, 1995 ఫిబ్రవరిలో బ్యాంకు కుప్పకూలేనాటికి 82 కోట్ల 70 లక్షల పౌండ్లకు చేరింది. వెళ్లిపోతూ ఆయన బల్లమీద వదిలిన చీటీలో ఉన్నది క్షమించమన్న మాటే. బ్యాంకును డచ్ సంస్థ ఐఎన్‌జీ ఒక్క పౌండుకు కొనుక్కుంది.

ఇందులో గమనించవలసింది అంకెల పరిమాణం కంటే అవి పెరిగిన తీరు. మొదటి 20,000 పౌండ్లు ఆ బ్యాంకుకు లెక్కలోకి రాని మొత్తం. దాన్ని దాచడం వల్ల రెండు కొత్త భారాలు పుట్టాయి. దాచినదాన్ని పూడ్చడానికి మరింత పెద్ద పందేలు కాయవలసి వచ్చింది. చెప్పవలసిన విషయంలో ‘పొరపాటు’ స్థానంలోకి ‘అబద్ధం’ వచ్చి చేరింది. రోజులు గడిచేకొద్దీ చెప్పడం మరింత కష్టమైంది. లావాదేవీలు చేసేదీ, వాటి లెక్కలు సరిచూసేదీ ఒకే మనిషి కావడం వల్ల ఇదంతా సాధ్యమైందనే విషయాన్ని కూడా మరచిపోకూడదు. తెలుగు పాఠకులకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ సత్యం కంప్యూటర్స్. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన లేఖలో, మొదట్లో చిన్నదిగా ఉన్న తేడా ఏళ్ల తరబడి పెరిగిందని, అది పులి మీద స్వారీలా తయారైందని పేర్కొన్నారు. అది పొరపాటు కాదు, మోసం. కానీ దాచిన మొత్తం పెరిగే తీరు రెండుచోట్లా ఒకటే.

ఆలస్యానికి ఖరీదు: అరగంట లెక్క

కోట్ల పౌండ్ల కథలు చాలామంది ఉద్యోగుల అనుభవానికి దూరం. కాబట్టి అకౌంట్స్ విభాగంలో ఎక్కడైనా జరగగలిగే ఒక ఊహాత్మక సందర్భాన్ని చూద్దాం. ఒక కంపెనీలో వెండర్ల బిల్లుల చెల్లింపు ఫైలు సాయంత్రం 4:55కి బ్యాంకు పోర్టల్‌లోకి వెళ్లింది. అది వెళ్లలేదనుకుని ఉద్యోగి 5:40కి మళ్లీ అప్‌లోడ్ చేశారు. 42 మంది వెండర్లకు కలిపి 18.6 లక్షల రూపాయలు రెండోసారి వెళ్లే ఏర్పాటు జరిగిపోయింది. 5:48కి ఆ సంగతి ఆయనకు అర్థమైంది.

నెఫ్ట్ చెల్లింపులు అరగంటకో బ్యాచ్‌గా వెళ్తాయి. బ్యాచ్‌లోకి ఎక్కనివాటిని బ్యాంకు ఆపగలిగే అవకాశం ఉంటుంది. అవతలి ఖాతాలో ఒకసారి జమైన సొమ్మును మాత్రం ఆ ఖాతాదారు ఒప్పుకోకుండా మామూలుగా వెనక్కి తీసుకోవడం కుదరదు. అంటే 5:48 తరువాతి కొద్ది నిమిషాలకు చాలా విలువ ఉంది. సరిగ్గా ఆ నిమిషాల్లోనే సిగ్గు తన పని చేస్తుంది. మేనేజరుకు చెప్పేముందు ‘అసలు రెండుసార్లు వెళ్లిందో లేదో’ పోర్టల్‌లో నాలుగుసార్లు చూడడం, పరిచయమున్న బ్యాంకు ఉద్యోగికి వ్యక్తిగతంగా వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి జవాబు కోసం ఎదురుచూడడం, ఫలానా వెండరు మంచివాడు కాబట్టి తానే తిరిగి పంపేస్తాడనుకోవడం, ఇవన్నీ బయటికి బాధ్యతగా సరిదిద్దుతున్నట్టే కనిపిస్తాయి. నిజానికి ఇవి రహస్యంగా సరిదిద్దే ప్రయత్నాలు. చెల్లింపును ఆపమని బ్యాంకును అధికారికంగా అడగగలిగే అధికారం ఉన్న మనిషికి మాత్రం ఇంకా విషయం చేరలేదు.

ఒక పని నిజాయితీగా సరిదిద్దడమా, దాచడమా అని తేల్చుకోవడానికి ఒక పరీక్ష ఉంది. ‘ఈ పని చేస్తున్నానని ఇప్పుడే పైవాళ్లకు చెబితే నాకు ఇబ్బందిగా ఉంటుందా?’ అన్న ప్రశ్నకు ఔననే జవాబు వస్తే, ఆ పని నష్టాన్ని తగ్గించడం కోసం కంటే పేరు కాపాడుకోవడం కోసం జరుగుతున్నట్టే.

మొదటి గంటల్లో చేయి తీసేయడం

గిట్‌ల్యాబ్ ఆ రాత్రి అందరూ చూసేలా తెరిచి ఉంచిన నోట్స్‌లో ఒక చిన్న వాక్యం ఉంది. పొరపాటు చేసిన ఇంజినీరు, ఆ రోజుకు తాను పూర్తి అధికారాలతో ఏ ఆదేశమూ ఇవ్వకపోవడమే మంచిదని చెప్పి, పునరుద్ధరణ పనిని మరో సహోద్యోగికి అప్పగించారని దాని సారాంశం. ఆ నోట్స్ మొత్తంలో సిగ్గును ఎలా నిభాయించాలో చూపే వాక్యం ఇదేనని చెప్పవచ్చు.

ఆ నిర్ణయానికి సాంకేతికమైన కారణం ఉంది. భయంతో, అలసటతో, అవమానభారంతో ఉన్న మనిషి దృష్టి ఇరుకైపోతుంది. తెరమీద ఏ సర్వర్ పేరు ఉందో చూడకపోవడం వంటి పొరపాటు మళ్లీ జరిగే అవకాశం ఆ స్థితిలోనే ఎక్కువ. పైగా మిగిలి ఉన్నది ఒకే ఒక్క ప్రతి. దాని మీద రెండో పొరపాటు జరిగితే వెనక్కి రావడానికి ఏమీ ఉండదు. మానసికమైన కారణం కూడా ఉంది. సిగ్గుపడిన మనిషికి తన చేతులతోనే దాన్ని సరిచేసి లెక్క తీర్చేసుకోవాలని ఉంటుంది. ఆ కోరిక గౌరవనీయమైనదే కావచ్చు. అయితే అప్పుడు పని జరగవలసింది వినియోగదారుల డేటా కోసం. ఇంజినీరు తన పేరు నిలబెట్టుకోవడం ఆ తరువాతి సంగతి.

చేయి తీసేయడమంటే గది వదిలి వెళ్లిపోవడం కాదు. పొరపాటు చేసిన మనిషికి మాత్రమే తెలిసిన విషయాలు కొన్ని ఉంటాయి. ఏ క్రమంలో ఏ ఆదేశాలు ఇచ్చారు, ఏ అనుమానంతో ఇచ్చారు, స్నాప్‌షాట్ ఎప్పుడు తీశారు వంటివి అవి. వాటిని నిమిషాలతో సహా రాసి ఇవ్వడం ఆ సమయంలో ఆయన చేయగలిగిన అతి విలువైన పని. ఇలా కాలక్రమం రాయడం వల్ల మరో ఉపకారం కూడా ఉంది. ‘ఎంత పని చేశాను’ అని మనసులో తిరుగుతున్న ఒకే మాట, పదిహేను వాక్యాలుగా విడిపోతుంది. ఆ పదిహేనింటిలో తన పొరపాటు ఒకటో రెండో మాత్రమే. మిగతావి భారం, అలసట, పనిచేయని బ్యాకప్‌లు, మౌనంగా నిలిచిన ప్రోగ్రాం. ఇది తప్పును పలచన చేయడం కాదు. తప్పుకు దాని అసలు పరిమాణం ఇవ్వడం.

క్షమాపణలో ఏ భాగం పనిచేస్తుంది

రాయ్ లెవికి, బెత్ పోలిన్, రాబర్ట్ లౌంట్ 2016లో ప్రచురించిన అధ్యయనం క్షమాపణను ఆరు భాగాలుగా విడదీసింది: విచారం తెలపడం, ఏం జరిగిందో వివరించడం, బాధ్యత ఒప్పుకోవడం, మళ్లీ చేయనని చెప్పడం, నష్టాన్ని పూడ్చే మాట ఇవ్వడం, మన్నించమని అడగడం. వీటిలో బాధ్యత ఒప్పుకోవడానికి వినేవారు అత్యధిక విలువ ఇచ్చారు. ఆ తరువాతి స్థానం నష్టాన్ని పూడ్చే మాటది. మన్నించమని అడగడం అన్నింటికన్నా చివర నిలిచింది. సిగ్గులో ఉన్న మనిషి చేసేది తరచుగా దీనికి సరిగ్గా విరుద్ధం. ‘నన్ను క్షమించండి’ అన్నది పదిసార్లు వస్తుంది, ఏం చేశారో, ఏం చేయబోతున్నారో ఒక్కసారీ రాదు. అలా పదేపదే వేడుకోవడం వల్ల, నష్టపోయినవారి మీదనే ఓదార్చే భారం పడుతుంది.

పైన చెప్పిన చెల్లింపు ఉదాహరణలో, మేనేజరుకు అదే సాయంత్రం వెళ్లవలసిన మెయిల్ దాదాపు ఇలా ఉంటుంది:

‘ఈ సాయంత్రం 5:40కి వెండర్ల చెల్లింపు ఫైలును నేను రెండోసారి అప్‌లోడ్ చేశాను. 4:55కి పంపిన ఫైలు స్థితిని పోర్టల్‌లో చూడకుండా ఈ పని చేయడం నా పొరపాటు. 42 మందికి కలిపి 18.6 లక్షల రూపాయలు అదనంగా వెళ్లవలసి ఉండగా, 5:52కి మీతో మాట్లాడిన తరువాత బ్యాంకు తొమ్మిది చెల్లింపులను ఆపింది. మిగతా 33 మంది పేర్లు, మొత్తాలు జత చేశాను. వీరిలో ఎవరికి మనం ఇంకా బిల్లులు చెల్లించవలసి ఉందో, అందులో ఎంత సర్దుబాటు చేయవచ్చో రేపు ఉదయం 11 గంటలకు పంపుతాను. అప్పటివరకు నా లాగిన్‌కు ఉన్న అప్‌లోడ్ అనుమతిని ఆపమని సిస్టమ్స్ విభాగాన్ని కోరాను. వెండర్లతో మాట్లాడవలసి వచ్చే కొనుగోలు విభాగంవారికి నా వల్ల కలిగిన ఇబ్బందికి విచారిస్తున్నాను.’

ఈ మెయిల్‌లో విచారం ఒక్కసారే, చివర్లో, ఎవరి విషయంలోనో స్పష్టంగా చెప్పి ఉంది. పోర్టల్ నెమ్మదిగా ఉందనో, పని ఎక్కువగా ఉందనో లేదు. ఆ విషయాలు నిజమే కావచ్చు, కానీ వాటి చోటు తరువాత జరిగే సమీక్షలో. మొదటి మెయిల్‌లో అవి సాకులుగానే చదవబడతాయి. ‘రేపు ఉదయం 11’ అన్న మాట చాలా కీలకం. సమయంతో సహా మాట ఇచ్చి, ఆ సమయానికి ఐదు నిమిషాల ముందే జాబితా పంపితే, నమ్మకం తిరిగి రావడంలో అదే మొదటి రుజువు. పూర్తి కాకపోయినా, అయినంతవరకు ఆ సమయానికే పంపాలి.

క్షమాపణ ఏ రకమైన తప్పుకు పనిచేస్తుందన్నది మరో ప్రశ్న. పీటర్ కిమ్, ఆయన సహచరులు 2004లో చేసిన ప్రయోగంలో, ఒక అకౌంటెంట్ ఉద్యోగార్థి గతంలో పన్ను రిటర్ను తప్పుగా వేసినట్టు చూపించారు. నిబంధనలు తెలియక జరిగిందన్నప్పుడు, ఒప్పుకుని క్షమాపణ చెప్పిన అభ్యర్థిని చూసినవారు ఎక్కువగా నమ్మారు. కావాలని చేశాడన్న ఆరోపణ అయినప్పుడు క్షమాపణ ఆయనకు మేలు చేయలేదు, ఎందుకంటే దాన్ని దురుద్దేశం ఒప్పుకోవడంగా తీసుకున్నారు. పొరపాటును వెంటనే చెప్పాలనడానికి ఇంతకంటే బలమైన ఆధారం దొరకదు. మొదటి గంటలో చెబితే అది సామర్థ్యానికి సంబంధించిన లోపం, దాన్ని క్షమాపణ, శిక్షణ పూడ్చగలవు. వారం తరువాత ఎవరో కనిపెడితే అదే విషయం నిజాయితీకి సంబంధించినదవుతుంది. అప్పుడు ఎంత చక్కగా రాసిన క్షమాపణకైనా పట్టు దొరకదు.

మాట తరువాత పని

గిట్‌ల్యాబ్ తన పునరుద్ధరణ పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించింది. ఒక దశలో దాదాపు 5,000 మంది చూశారు. కొద్దిరోజుల తరువాత, ఫిబ్రవరి 10న, సవివరమైన పోస్ట్‌మార్టం నివేదికను ప్రచురించింది. అందులో సంస్థ అధిపతి క్షమాపణ ఉంది, ఇంజినీరు పేరు లేదు. నివేదిక అసలు బలం, అది ‘ఎందుకు’ అన్న ప్రశ్నను ఆ మనిషి దగ్గర ఆపకపోవడంలో ఉంది. తప్పు సర్వర్‌లో తొలగించారు, ఎందుకు? నకలు ఆగిపోయి రెండో సర్వర్‌ను చేత్తో ఖాళీ చేయవలసి వచ్చింది, ఆ పని ఎలా చేయాలో సరిగ్గా రాసి లేదు. బ్యాకప్‌లు లేవు, ఎందుకు? విఫలమవుతున్నట్టు ఎవరికీ తెలియలేదు. ఎందుకు తెలియలేదు? బ్యాకప్ నుంచి డేటా వెనక్కి వస్తుందో లేదో పరీక్షించే బాధ్యత ఎవరికీ అప్పగించలేదు. ఆ చివరి జవాబు దగ్గరే సరిదిద్దే పని మొదలైంది.

తరువాత తీసుకున్న చర్యలు పెద్దగా ఆర్భాటం లేనివి. ఏ సర్వర్‌లో ఉన్నామో స్పష్టంగా తెలిసేలా, తెరమీద ఆదేశం టైప్ చేసే చోట కనిపించే ప్రాంప్ట్‌ను మార్చడం, స్నాప్‌షాట్‌లను 24 గంటలకు బదులు గంటకోసారి తీయడం, బ్యాకప్‌ను నిజంగా తెరిచి చూసే పరీక్షను యాంత్రికంగా నడపడం, డేటా భద్రతకు ఒక నిర్దిష్ట వ్యక్తిని బాధ్యులుగా నియమించడం వాటిలో ముఖ్యమైనవి. వీటిలో ఏదీ ‘ఇకమీదట జాగ్రత్తగా ఉంటాం’ అన్న తరహాది కాదు. పొరపాటుకు మూలకారణం ఏమిటో వివరిస్తూ మన ఐటీ కంపెనీల్లో రాసే ఆర్‌సీఏ పత్రాల్లో చాలాభాగం ఆ ఒక్క వాక్యంతోనో, ‘టీమ్‌కు అవగాహన కల్పించాం’ అన్న మాటతోనో ముగుస్తాయి. అలసిపోయిన మనిషి రాత్రి పదకొండుకు మరింత జాగ్రత్తగా ఉంటాడన్న హామీని ఎవరూ పరీక్షించలేరు. ప్రాంప్ట్ రంగు మారిందా లేదా అన్నది ఎవరైనా చూడగలరు. ఎదుటివారు తమంతట తాము సరిచూసుకోగల మార్పులే నమ్మకాన్ని తిరిగి తెస్తాయి.

ఒక ఉద్యోగి స్థాయిలోనూ ఇదే వర్తిస్తుంది. రెండుసార్లు చెల్లించిన ఉద్యోగి, ఫైలు పేరులో బ్యాచ్ సంఖ్య తప్పనిసరి చేయించి, అదే సంఖ్యతో రెండో ఫైలు వస్తే పోర్టల్‌లోకి వెళ్లేముందే మరొకరి ఆమోదం అడిగేలా పద్ధతి మార్పించగలిగితే, ఆ పొరపాటు తాలూకు జ్ఞాపకం విభాగంలో ఇంకో రూపంలో మిగులుతుంది. దానికి బదులు తాను ప్రతి ఫైలునూ ఆరుసార్లు చూస్తూ, ప్రతి చిన్న విషయానికీ మేనేజరు అనుమతి అడుగుతూ ఉంటే, పని నెమ్మదిస్తుంది, సిగ్గు అలాగే ఉంటుంది. చూసేవారికి అది జాగ్రత్తలా కంటే భయంలా కనిపిస్తుంది.

ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదు

గిట్‌ల్యాబ్ ఉదాహరణను ఉన్నదున్నట్టు ప్రతి ఆఫీసుకూ అన్వయించడం అమాయకత్వమే. పారదర్శకతనే తన గుర్తింపుగా చెప్పుకునే సంస్థ అది. పొరపాటు చేసిన ఇంజినీరును ఉద్యోగం నుంచి తీసేయలేదు. ఆయన ఆ తరువాత కొన్నేళ్లు అక్కడే పనిచేశారు. ప్రభుత్వ కార్యాలయాల్లో, బ్యాంకుల్లో, అనేక ప్రైవేటు సంస్థల్లో పొరపాటు తరువాత మొదట చేతికొచ్చేది మెమో. దానికిచ్చే సంజాయిషీ సర్వీసు రికార్డులో చేరుతుంది. బ్యాంకు కౌంటర్‌లో నగదు తక్కువైతే క్యాషియరే కట్టుకోవడం కొత్త సంగతి కాదు. అలాంటి చోట వాస్తవాలను వెంటనే చెప్పడానికీ, చట్టపరమైన బాధ్యతను రాతపూర్వకంగా నెత్తినేసుకోవడానికీ మధ్య తేడా చూసుకోవాలి. ‘5:40కి ఫైలు రెండోసారి అప్‌లోడ్ చేశాను’ అన్నది వాస్తవం. ‘మొత్తం నష్టానికి నాదే పూర్తి బాధ్యత’ అన్నది నిర్ధారణ, అది విచారణ తేల్చవలసిన విషయం. మెమో అందిన తరువాత జవాబు రాసేముందు యూనియన్ ప్రతినిధితోనో, సర్వీసు నిబంధనలు తెలిసిన న్యాయవాదితోనో మాట్లాడడం దాచడం కిందికి రాదు. నష్టాన్ని ఆపే సమాచారం మాత్రం అప్పటికే చేరి ఉండాలి.

ఉన్నతాధికారుల వంతు కూడా ఇక్కడే వస్తుంది. పొరపాటు చెప్పిన మొదటి మనిషికి అందరిముందూ చీవాట్లు పడితే, రెండో మనిషి చెప్పడు. అప్పటి నుంచి ఆ విభాగంలో నమోదయ్యే పొరపాట్లు తగ్గుతాయి, జరిగే పొరపాట్లు తగ్గవు. ఆస్పత్రి వార్డుల మీద 1990లలో పరిశోధించిన ఎమీ ఎడ్మండ్‌సన్‌కు మొదట వింతగా కనిపించింది ఇదే. బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే మందుల విషయంలో ఎక్కువ పొరపాట్లు నమోదయ్యాయి. అక్కడివారు పొరపాట్లు ఎక్కువ చేయడం కంటే, చేసినవాటిని నిర్భయంగా చెప్పుకోగలగడమే అందుకు కారణమని ఆమె తరువాత వివరించారు.

సిగ్గు వారాలు గడిచినా తగ్గకపోవడం మరో పరిమితి. నిద్ర పట్టకపోవడం, అదే దృశ్యం పదేపదే కళ్ల ముందుకు రావడం, ఆఫీసుకు వెళ్లాలంటేనే గుండెదడ రావడం, బతకడం దండగన్న ఆలోచనలు కలగడం వంటివి ఉంటే ఇంకెంత చక్కటి ఆర్‌సీఏ రాసినా అవి పోవు. అప్పుడు కావలసింది వైద్యసహాయం. కేంద్ర ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ సహాయ నంబరు 14416కు ఎప్పుడైనా, తెలుగులో కూడా ఫోన్ చేయవచ్చు.

నమ్మకం తిరిగి వచ్చిందని ఎలా తెలుస్తుంది

సహోద్యోగులు పలకరించడం, మేనేజరు ‘జరిగిందేదో జరిగింది’ అనడం నమ్మకానికి కొలతలు కావు. అవి మర్యాదలు. పనిలో నమ్మకం అనుమతుల రూపంలో కనిపిస్తుంది. ఆపిన లాగిన్ హక్కు మళ్లీ ఇచ్చారా, మరొకరి ఆమోదం అవసరమైన పని ఇప్పుడు అది లేకుండానే అప్పగిస్తున్నారా, సెలవులో ఉన్న సీనియర్ తన బాధ్యతను ఎవరికి అప్పగించి వెళ్తున్నారు అన్నవాటిని చూస్తే సంగతి తెలుస్తుంది. అవి ఒక్కసారిగా రావు. ఏ క్రమంలో, ఏ షరతులతో వస్తాయో ముందే అడిగి తెలుసుకోవడం ఉద్యోగి హక్కు కూడా. ‘మూడు నెలలపాటు ప్రతి చెల్లింపు ఫైలుకూ రెండో ఆమోదం ఉంటుంది, ఆ మూడు నెలల్లో తేడా రాకపోతే తీసేస్తాం’ అన్నది ఇద్దరికీ తెలిసిన ఒప్పందం. షరతు ఏదో చెప్పకుండా ‘చూద్దాంలే’ అని వదిలేసిన చోట ఏడాది గడిచినా ఆ ఉద్యోగి పాత పొరపాటు పేరుతోనే పిలవబడుతూ ఉంటారు. ఆ పరిస్థితిలో బదిలీకో, వేరే బృందానికో అడగడాన్ని పారిపోవడంగా భావించనవసరం లేదు.